పేజీ అప్పడంలా లేచిందా? బ్రష్‌ని తిట్టకండి!

రాజమండ్రిలో హేవలాక్ వంతెన తెలుసుగా? 1900 నుంచి రైళ్లు నడిచి, 1997లో ఆగిపోయిన పాత వంతెన. మొన్న సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఘాట్ మెట్ల మీద కూర్చుని దాన్నే గీశాను. బీఎఫ్ఏ ఫస్టియర్ కదా, ఒక అసైన్‌మెంట్ ఉంది. ఒకే స్కెచ్‌బుక్‌లో 20 పేజీలు. పెన్సిల్, ఇంక్, వాటర్‌కలర్... మూడూ కనిపించాలి.

పెన్సిల్ వరకూ బ్రహ్మాండంగా వచ్చింది. ఆకాశానికి నీలం వాష్ వేశానో లేదో, పేజీ నూనెలో పడ్డ అప్పడంలా లేచింది. రంగు నీళ్లన్నీ పల్లాల్లోకి జారి, ఆరాక ముదురు మరకలు కట్టాయి. ఆరిపోయిందనుకుని ఫౌంటెన్ పెన్‌తో గడ్డర్లు గీస్తే ప్రతి గీతకీ వేళ్లు మొలిచాయి. పేజీ తిప్పితే వెనక కూడా నీలమే!

అలాంటివి ఆరు పేజీలు. సబ్మిషన్‌కి తొమ్మిది రోజులు. నాకు రంగులేయడం రాదని ఫిక్సయిపోయా.

దానవాయిపేటలో మా సీనియర్ అక్క ఉంటుంది. పుస్తకం పట్టుకెళ్లి చూపించా. బొమ్మ వంక చూడనే లేదు. పేజీ అంచుని రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇదెంత జీఎస్‌ఎంరా?" అంది.

"అట్ట మీద 130 అని ఉందక్కా."

"పెన్సిల్‌కి ఇది చాలు. దీనిమీద గోదావరంత నీళ్లు పోస్తే అదేం చేస్తుంది పాపం?"

జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క. కాగితం నిండా సన్నటి పీచే. నీళ్లు తాగితే ఆ పీచు ఉబ్బుతుంది. తడిసిన చోట కాగితం సాగుతుంది, చుట్టూ పొడిగా ఉన్న భాగం సాగదు. ఇక దానికి పైకి లేవడం తప్ప దారి లేదు. దళసరి కాగితం బిగువుగా ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా లేవదు. 200 జీఎస్‌ఎం అయితే ఒక పల్చటి వాష్‌ని తట్టుకుంటుంది. కొద్దిగా వంగినా, పూర్తిగా ఆరాక రాత్రంతా లావు పుస్తకాల కింద పెడితే చాలావరకు సర్దుకుంటుంది. పేజీ అంతా తడిపి ఆకాశం వేయాలంటే మాత్రం 300 కావాలి. అది కూడా కాస్త కదులుతుంది, నాలుగు అంచులకీ క్లిప్పులు పెట్టుకోవాల్సిందే.

ఇక్కడ అక్క చెప్పిన చిట్కా ఒకటి నాకు భలే నచ్చింది. సరిగ్గా 16 ఏ4 షీట్లు కలిపితే ఒక చదరపు మీటరు. అంటే విడి షీట్లు 16 తూకం వేస్తే వచ్చిన గ్రాములే దాని జీఎస్‌ఎం! నా దగ్గర కవరు కూడా లేని ఏ4 కట్ట ఒకటి ఉంది. 300 అనుకుని దాచుకున్నా. వీధి చివర కూరగాయల బండి దగ్గర 16 షీట్లు ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 200 గ్రాములు చూపించింది. బండాయన నన్ను చూసిన చూపు మర్చిపోలేను.

అయితే బరువు ఒక్కటీ చూసుకుంటే సరిపోదట. చీరకి గంజి పెట్టినట్టు కాగితానికీ జిగురులాంటిది పట్టిస్తారు. దాన్నే సైజింగ్ అంటారు. అదుంటే రంగు కాసేపు పైనే నిలబడుతుంది, బ్రష్‌తో అటూఇటూ జరుపుకోవచ్చు. లేకపోతే బ్లాటింగ్ పేపర్‌లా వెంటనే పీల్చేస్తుంది. నా ఇంక్ గీతలకి వేళ్లు మొలవడానికి సగం కారణం సైజింగ్ తక్కువవడం, సగం తడి ఆరకుండానే గీయడం. ఎంత లావు కాగితమైనా సైజింగ్ బాగోకపోతే ఇదే గతి.

కొన్నాక దీన్ని చివరి పేజీలో పరీక్షించొచ్చు. ఒక మూల నీటి చుక్క వేసి రెండు నిమిషాలు చూడాలి. చుక్క గుండ్రంగా నిలబడితే మంచిదే. వెంటనే ఇంకిపోయి వెనక మచ్చ కనిపిస్తే ఆ పుస్తకాన్ని పెన్సిల్‌కి వదిలేయడమే. పక్కనే మీరు వాడే పెన్నుతో నెమ్మదిగా ఒక గీత గీసి, ఫోన్ కెమెరాలో జూమ్ చేసి అంచు చూడండి. నూగు ఉందంటే ఇంక్ పాకుతున్నట్టే.

మూడో పరీక్ష నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. 2బీ పెన్సిల్‌తో చిన్న చదరం నింపి, సగం రబ్బరుతో గట్టిగా చెరిపి, దాని మీదుగా పల్చటి వాష్ వేయాలి. చెరిపిన చోట రంగు ముదురుగా పట్టిందా? రబ్బరు రాపిడికి సైజింగ్ లేచిపోయి, పీచు రేగిందన్నమాట. నా ఆకాశంలో ఒక చోట మబ్బులాంటి మచ్చ ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. వంతెన గీత తప్పుపోయి నాలుగుసార్లు చెరిపింది అక్కడే! ఇప్పుడు వేరే కాగితం మీద తప్పులన్నీ అయ్యాక, అసలు పేజీ మీద హెచ్‌బీతో తేలిగ్గా గీస్తున్నా.

ఇక పైభాగం సంగతి. కోల్డ్ ప్రెస్ కాగితం కాస్త గరుకుగా ఉంటుంది. ఆ చిన్న గుంటల్లో రంగు నిలిచి వాష్ అందంగా వస్తుంది. కానీ పెన్సిల్ షేడింగ్‌లో తెల్ల చుక్కలు మిగిలిపోతాయి, సన్నటి పెన్ను గీత వణుకుతుంది, ఫైన్‌లైనర్ మొన త్వరగా అరుగుతుంది. హాట్ ప్రెస్ నున్నగా ఉంటుంది. గడ్డర్లు, చెప్పుల కుట్లు, ముఖాల్లాంటి సన్నపనికి హాయి. అయితే దాని మీద పెద్ద వాష్ చారలు లేకుండా వేయడం కొత్తవాళ్లకి కష్టమే. మూడింటికీ నూటికి నూరుపాళ్లు సరిపోయే కాగితం లేదు. కాబట్టి "దేనికి బెస్ట్?" అని కాకుండా "నేను ఎక్కువగా ఏం చేస్తాను?" అని అడుక్కోవాలి.

నా 20 పేజీల్లో లెక్కేస్తే పన్నెండు పెన్సిల్, ఇంక్. ఐదింటికి పల్చటి రంగు. నీళ్లతో నిండిపోయేవి మూడే మూడు. ఆ మూడింటి కోసం పుస్తకమంతా ఖరీదైన 300 కొనడం దండగ. పైగా లావు కాగితం కాబట్టి పేజీలూ తక్కువొస్తాయి.

అందుకని ఏ5 సైజులో 200 జీఎస్‌ఎం మిక్స్‌డ్ మీడియా పుస్తకం తీసుకున్నా. మరీ నునుపు కాదు, మరీ గరుకూ కాదు. దాంతోపాటు 300 జీఎస్‌ఎం కోల్డ్ ప్రెస్ పెద్ద షీటు ఒక్కటి. 22 × 30 అంగుళాలది. దాన్ని కోస్తే 5.5 × 7.5 అంగుళాల ముక్కలు 16 వచ్చాయి. ఏ5 పేజీ మీద చుట్టూ కాస్త అంచు వదిలి సరిగ్గా కూర్చుంటాయి. వాష్ విడి ముక్క మీద వేసి, ఆరాక పుస్తకంలో అంటిస్తే సరి. మిగిలిన ముక్కల్ని జిప్ కవర్లో పెట్టా. తేమకి సైజింగ్ పాడవుతుంది, గోదావరి గట్టున వానాకాలం ఎలా ఉంటుందో మీకు తెలుసుగా.

వంతెన మళ్లీ గీశా. ఈసారి ముందు వాటర్‌ప్రూఫ్ ఫైన్‌లైనర్‌తో గీతలు, పూర్తిగా ఆరాక ఆకాశం. మామూలు ఫౌంటెన్ పెన్ ఇంక్ అయితే తడి తగలగానే కరిగిపోతుంది మరి. పేజీ లేవలేదు. ఆ గరుకు మీద రెండు గడ్డర్లు మాత్రం కొంచెం వణికాయి. సార్ వాటినే చూపించి, "పాత వంతెన కదా, బాగుంది" అన్నారు. నేనేం మాట్లాడలేదు.