టైరు మీది నాలుగంకెలు

మా బావమరిది ఈ మధ్య ఓ సెకండ్ హ్యాండ్ కారు బేరం చేస్తూ నన్ను రమ్మన్నాడు. 2018 డిసెంబరు మోడల్ హ్యాచ్‌బ్యాక్. మీటరు మీద 34,000 కిలోమీటర్లు, అడిగిన ధర 4,20,000. పాలిష్ పెట్టిన టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. "టైర్లు కొత్తవే బావా, ఆ ఖర్చు లేదు" అన్నాడు. తడిగుడ్డ అడిగి తీసుకుని టైరు పక్కన కూర్చున్నాను.

ప్రతి టైరు పక్కభాగం మీద తయారీ తేదీ ఉంటుంది. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, చిన్న గుళిక ఆకారపు గడిలో నాలుగంకెలు కనిపిస్తాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటాయి. బయట కనపడలేదంటే లోపలి వైపు ఉన్నట్టే, ఫోను చెయ్యి లోపలికి పెట్టి ఫొటో తీస్తే చాలు.

ఈ కారు వెనక టైర్లు రెండింటి మీదా 4518 ఉంది, అంటే 2018 నవంబరు మొదటివారం. డిక్కీలో స్టెప్నీ మీదా అదే. కారు తయారీకి కొన్ని వారాల ముందు తేదీ కాబట్టి ఇవి కంపెనీ నుంచి వచ్చినవే. ముందు టైర్ల మీద మాత్రం 1423, అంటే 2023 ఏప్రిల్.

ఇక్కడే అనుమానం మొదలవ్వాలి. మామూలుగా నడిపితే మొదటి టైర్లు 40,000 కిలోమీటర్ల దాకా రావాలి. 34,000 తిరిగిన కారుకు రెండేళ్ల కిందటే ముందు టైర్లు ఎందుకు మార్చారు? మీటరు వెనక్కి తిప్పారా, లేక టైర్లను ఏదైనా తినేస్తోందా?

దీనికి జవాబు వెనక టైర్లు చెప్పాయి. కొత్త కారు టైరుకు గాడి లోతు సుమారు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్న గేజి పెట్టి చూస్తే వెనక 4.5 మిల్లీమీటర్లు మిగిలింది. ఈ కారులో ఇంజను లాగేది ముందు చక్రాలను కాబట్టి వెనకవి నిదానంగా అరుగుతాయి, అందుకని 34,000కు ఈ అరుగుదల నమ్మదగ్గదే. 80,000 తిరిగి ఉంటే ఇంత గ్రిప్ మిగలదు. అయితే టైర్లను మధ్యలో ముందుకూ వెనక్కూ మార్చి ఉంటే ఈ లెక్క తప్పుతుంది. అందుకే సర్వీసు రికార్డు కూడా అడిగాం. అందులో కిలోమీటర్లు సరిపోయాయి.

"స్టీరింగ్ ఎడమకి పూర్తిగా తిప్పు" అన్నాను బావమరిదితో. ఎడమ ముందు టైరు ముఖం బయటికొచ్చింది. బయటి అంచున 5 మిల్లీమీటర్లు ఉంది, లోపలి అంచున 2 మాత్రమే. నిలబడి చూసేవాడికి ఆ అంచు ఎప్పటికీ కనపడదు.

టైరు అరిగిన తీరును బట్టి జబ్బు తెలుస్తుంది. రెండంచులూ అరిగితే గాలి తక్కువతో నడిపారు, నడుమ అరిగితే గాలి ఎక్కువైంది. ఇవి డ్రైవరు అలవాట్లు, కారుకు రోగం కాదు. ఒక్క అంచే అరిగితే మాత్రం అలైన్‌మెంట్ పోయిందనో, సస్పెన్షన్‌లో బుష్‌లు లూజయ్యాయనో, ఏ గుంతలోనో పడి లోయర్ ఆర్మ్ వంగిందనో అర్థం. అరచేత్తో టైరు మీద అడ్డంగా నిమిరితే ఒకవైపు నున్నగా, వెనక్కి నిమిరితే గరుగ్గా తగిలినా అలైన్‌మెంటే. లిఫ్టు మీద చూపిస్తే ఈ కారుకు ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ చిరిగి ఉంది. పాత టైర్లు ముందే పోవడానికి కారణం అదే అయ్యుండాలి.

గాడుల్లో అక్కడక్కడా అడ్డంగా చిన్న గట్లుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గ్రిప్ అరిగి ఆ గట్లతో సమానమైతే చట్టప్రకారం ఆ టైరు పనికిరాదు. వానలో పట్టు అంతకు చాలా ముందే తగ్గుతుంది కాబట్టి నేను 3 దగ్గరే మార్చమంటాను. గాడి లోతుగా ఉండి గట్లు కోసేసినట్టు కనిపిస్తే, అది అరిగిన టైరుకు మళ్లీ గాడులు చెక్కిన మోసం. అలాంటి కారు వదిలేయండి.

వెనక టైర్లకు లోతుంది గదా అని వాడుకోవచ్చా? తడిగుడ్డతో పాలిష్ తుడిస్తే గాడుల అడుగున, పక్కభాగం మీద సన్నని పగుళ్లు బయటపడ్డాయి. వాటికి ఏడో ఏడు నడుస్తోంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోవాలి, పదేళ్లకు ఎలా ఉన్నా తీసేయాలి అన్నది చాలా కంపెనీల మాట. పగుళ్లు కనిపించాక పదేళ్లదాకా ఆగకూడదు.

టైరు షాపులో ఒక్కోటి 4,500 చెప్పారు. నాలుగుకు 18,000, లోయర్ ఆర్మ్ మార్చడానికి 3,800, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌కు 1,200. మొత్తం 23,000. సమంగా అరిగిన కుడి ముందు టైరును స్టెప్నీగా వేసుకుంటే అయిదో టైరు ఖర్చు తప్పింది. ఈ లెక్క కాగితం మీద రాసి అమ్మేవాడి ముందు పెడితే 20,000 తగ్గించాడు.

ఆర్మ్ మార్చకుండా టైర్లు మాత్రం వేయిస్తే కొత్తవీ అలాగే అరిగిపోయేవి. కాబట్టి కారు చూడ్డానికి పగటిపూట వెళ్లండి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పించి ముందు టైర్ల లోపలి అంచు చూడందే అడ్వాన్సు ఇవ్వకండి.