అచ్చుకు ముందు హిందీ శుభలేఖ

ఢిల్లీ చావడీ బజార్ పెళ్లి కార్డులకు పేరున్న వీధి. అలాంటి చోట అచ్చుకు వచ్చే హిందీ శుభలేఖలో తప్పులు ఎలా దొర్లుతాయో, ఎలా దిద్దుతారో తెలియడానికి ఒక నమూనా వాక్యం చాలు. కార్డు ఆడపెళ్లివారిది. తల్లిదండ్రుల పేర్ల తర్వాత చిత్తుప్రతి ఇలా సాగుతుందనుకుందాం:

‘శ్రీమతి ఏవం శ్రీ ... అపనీ సుపుత్రీ సౌ. ... కే పాణీగ్రహణ్ సంస్కార్ కే ఉపలక్ష్ మే ఆపకో సపరివార్ ఆమంత్రిత్ కర్‌తే హై. కృప్యా పధార్‌కర్ ఆర్శీవాద్ దే ఔర్ హమే అనుగ్రహీత్ కరే.’

ముందు చూడవలసింది ఎవరు మాట్లాడుతున్నారన్నది. మొదటి వాక్యంలో ‘శ్రీ ఫలానావారు పిలుస్తున్నారు’ అని ఎవరో చెబుతున్నట్టుంది, రెండో వాక్యానికి వచ్చేసరికి ‘మమ్మల్ని’ అంటూ వారే మాట్లాడుతున్నారు. శ్రీ ఉంచదలిస్తే ‘హమే’ తీసేయాలి. అడుగున ‘వినీత్’ అని పిలిచేవారు వినయంగా పేర్లు రాసుకునే చోట శ్రీ, జీ పెట్టుకోకపోవడమే మర్యాద. కాలం చేసిన తాతగారికి ‘స్వ.’ చేర్చి పెళ్లికూతురి పరిచయంలో పేరు వేస్తారు. ఆహ్వానించేవారి వరసలో మాత్రం వేయరు.

వధువు పేరు ముందున్న ‘సౌ.’ కూడా మారాలి. మన కార్డుల్లో పెళ్లికూతురికి చి.ల.సౌ. అని వేయడం అలవాటు. హిందీ కార్డులో వధువుకు ‘సౌ.కాం.’ వేస్తారు. అంటే సౌభాగ్యాన్ని కోరుకుంటున్నది అని. ఉత్త ‘సౌ.’ పెళ్లయిన స్త్రీకి వేసేది.

ఇక అక్షరదోషాలు. వీటిలో చాలావాటికి మూలం ఉచ్చారణే. మాటలో ‘కృపయా’లోని పకారం మీది అకారం జారిపోతుంది, అందుకే ‘కృప్యా’ అని రాస్తారు. ‘ఉపలక్ష్య్’ చివరి యకారం వినపడదు కాబట్టి రాతలోనూ పోతుంది. ‘పాణిగ్రహణ్’లో ణికి హ్రస్వమే ఉండాలి, హిందీ ‘శ్రీమతీ’కి చివర దీర్ఘం ఉండాలి. అనుగ్రహం తలపుకొచ్చి ‘అనుగ్రహీత్’ అని రాస్తారు, సరైనది ‘అనుగృహీత్’.

ఆశీర్వాదం సంగతి వేరు. హిందీలో ఈ రేఫ తర్వాతి అక్షరం నెత్తిన కొక్కెంలా కూర్చుంటుంది. కృతిదేవ్ ఫాంటులో దాన్ని ఆ అక్షరం, గుణింతం కొట్టాక విడిగా కొట్టాలి. వా తర్వాత కొట్టాల్సింది శీ తర్వాతే కొడితే ‘ఆర్శీవాద్’ అవుతుంది. ఆ ఫైలును యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు కూడా రేఫలు, గుడులు చోటు తప్పవచ్చు. అందుకే మార్చిన తర్వాతి ప్రూఫునే చివరిసారి చూడాలి.

పైకి చదివితే ఈ తప్పులు చాలావరకు పట్టుబడవు, చెవికి రెండు రూపాలూ ఒకటిగానే వినిపిస్తాయి. చివరి మాట నుంచి వెనక్కి, ఒక్కొక్క మాటే చూసుకుంటూ రావాలి. మనుషుల పేర్లను మాత్రం నిఘంటువు చూసి దిద్దకూడదు. ఎవరి పేరు వారు ఎలా రాసుకుంటారో ఇంటివారినే అడిగి అలాగే వేయాలి.