150 రూపాయల రీఫిల్, 12 నెలల వారంటీ

గుంటూరు బ్రాడీపేటలోని మా షాపుకు మొన్నొక టీచరమ్మ వచ్చారు. ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతారు, పిల్లల ప్రశ్నపత్రాలు తనే ప్రింటు తీసుకుంటారు. ఒక చేతిలో టిష్యూలో చుట్టిన ఖాళీ బ్లాక్ కార్ట్రిడ్జ్, రెండో చేతిలో ప్రింటర్ బిల్లు. కార్ట్రిడ్జ్ కౌంటర్ మీద పెట్టారు గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు. "ఇంకు నింపిస్తే వారంటీ పోతుందని కొన్నచోట చెప్పారు బాబూ. ఇంకా ఏడు నెలలుంది. నిజంగా పోతుందా?"

పోదు. రీఫిల్ చేయించినంత మాత్రాన ప్రింటర్ వారంటీ రద్దు కాదు. కాకపోతే ఆ ఇంకు వల్లో, ఆ కార్ట్రిడ్జ్ కారడం వల్లో ప్రింటర్‌లో ఏదైనా పాడైతే, ఆ ఒక్క రిపేరు ఖర్చు మనమే పెట్టుకోవాలి. మిగతా వాటికి వారంటీ ఎప్పటిలాగే ఉంటుంది.

రీఫిల్ మీద బతికేవాడు ఇంకేం చెబుతాడని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే ఆవిడ దగ్గరున్న హెచ్‌పీ డెస్క్‌జెట్‌కు కంపెనీ ఇచ్చే వారంటీ పత్రంలోని సంగతే చెప్పాను. వేరే కంపెనీ కార్ట్రిడ్జ్ గానీ, రీఫిల్ చేసినది గానీ వాడినందువల్ల కొనుగోలుదారుడి వారంటీ మీద ప్రభావం ఉండదని హెచ్‌పీ తన పత్రంలోనే రాసుకుంది. అలాంటి కార్ట్రిడ్జ్ వల్లే ప్రింటర్ చెడిపోతే మాత్రం ఆ రిపేరుకు మామూలు కూలీ, సామాను ఖర్చు వసూలు చేస్తామని పక్క వాక్యంలోనే ఉంది. షోరూముల్లో కుర్రాళ్ళు ఈ రెండో వాక్యాన్ని పట్టుకుని మొదటిదాన్ని మింగేస్తారు.

అయితే ఒక వారంటీ నిజంగానే పోతుంది, అది కార్ట్రిడ్జ్‌ది. కొత్త కార్ట్రిడ్జ్ ముద్ర సరిగా పడకపోతే మార్చి ఇవ్వాలి కదా, ఆ హామీ రీఫిల్ చేసిన కార్ట్రిడ్జ్‌కు వర్తించదు. ప్రింటర్‌ది ఒక వారంటీ, కార్ట్రిడ్జ్‌ది ఇంకో వారంటీ. జనం ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే "పోతుందట" అనే మాట పుట్టిందని నా అనుమానం.

ఇక లెక్కలోకి వద్దాం. ఆవిడ ప్రింటర్ 4,800 రూపాయలు. అందులో పట్టేది 803 నంబరు కార్ట్రిడ్జ్. కొత్త బ్లాక్‌కు ఆవిడ కిందటిసారి 950 ఇచ్చారు. కంపెనీ చెప్పే లెక్క ప్రకారం అది సుమారు 190 పేజీలు ఇస్తుంది, అంటే పేజీకి ఐదు రూపాయలు. పేజీకి ఐదు రూపాయలంటే మా వీధిలో జిరాక్స్ తీయించుకోవడమే నయం.

ఆవిడ నెలకు 80 పేజీలు తీస్తారు. మిగిలిన ఏడు నెలలకు 560 పేజీలు. కొత్తవే కొంటే మూడు కార్ట్రిడ్జ్‌లు, 2,850 రూపాయలు. మా దగ్గర ఒకసారి నింపడానికి 150. తక్కువలో తక్కువ 150 పేజీలు వస్తాయనుకుంటే నాలుగుసార్లు నింపాలి, 600 రూపాయలు. పైకి 2,250 మిగులు కనిపిస్తుంది గానీ అదంతా మిగులు కాదు. ఇలాంటి కార్ట్రిడ్జ్ నాలుగైదు రీఫిల్స్‌కు అలిసిపోతుంది, ఒక్కోసారి రెండోదానికే చేతులెత్తేస్తుంది. కాబట్టి మధ్యలో ఒక కొత్తది కొనాల్సి వస్తుందనే వేసుకుని 950 తీసేశాను. మిగిలింది 1,300.

ఇప్పుడు నష్టం వైపు చూద్దాం. అన్నిటికన్నా చెడ్డగా జరిగితే, ఇంకు కారి ప్రింటర్ మొత్తం పోయింది, వారంటీ రాలేదు. నష్టం 4,800. లాభం 1,300, నష్టం 4,800 అయితే, ఇలా నింపించుకున్న ప్రింటర్లలో నూటికి 27 పూర్తిగా చచ్చిపోతే తప్ప ఈ బేరం నష్టం కాదు. నాలుగింట ఒకటికి పైమాటే. అంత దారుణంగా నింపే షాపు ఆర్నెల్లు కూడా నడవదు.

నష్టం ఆ శాతం దాకా రాకపోవడానికి కారణం ఆ కార్ట్రిడ్జ్ అడుగున ఉంది. తిప్పి చూపించాను. వెంట్రుకకన్నా సన్నటి రంధ్రాలున్న చిన్న పలక, పక్కన రాగి చుక్కల వరస. ఇంకును కాగితం మీదికి చిమ్మే హెడ్ అదే. ఈ తరహాలో హెడ్ ప్రింటర్‌లో ఉండదు, కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. చెత్త ఇంకు పోసి హెడ్ పూడుకుపోయినా, ఇంకు అయిపోయాక కూడా లాగి లాగి ప్రింటు తీసి హెడ్ కాలిపోయినా, పోయేది 950 రూపాయల డబ్బా. పారేసి కొత్తది పెడితే ప్రింటర్‌కు ఏమీ తెలియదు. కాలిపోవడం ఏమిటంటారా? ఇందులో ఇంకును వేడి చేసి బుడగ పుట్టించి చిమ్ముతారు. ఆ వేడిని తీసుకెళ్ళేది కూడా ఇంకే. ఇంకు లేకుండా కొడితే ఖాళీ మూకుడు పొయ్యి మీద పెట్టినట్టే. గీతలు పడడం మొదలవగానే ఆపి తెమ్మని నేను చెప్పేది అందుకే.

ప్రింటర్‌కు నిజంగా హాని చేసేది కారడం. లోపలి స్పాంజి ఇంకును బిగపట్టి ఉంచుతుంది. ఆశపడి ఎక్కువ నింపితే అది పట్టుకోలేక బొట్టుబొట్టుగా వదులుతుంది. ఆ చుక్క రాగి చుక్కల మీదికి, అక్కణ్ణుంచి కార్ట్రిడ్జ్ కూర్చునే గూటిలోకి పాకితే షార్ట్ అవుతుంది. దీన్ని ఇంటికి వెళ్ళకముందే పట్టుకోవచ్చు. నింపాక హెడ్‌ను మడిచిన టిష్యూ మీద మెత్తగా ఒత్తాలి. బ్లాక్‌కైతే ఒక్క నల్లటి పట్టీ, కలర్‌కైతే మూడు రంగులు మూడు పట్టీలుగా విడివిడిగా పడాలి. పట్టీలు ఒకదాంట్లోకి ఒకటి పాకి బురదరంగు వచ్చిందంటే ఎక్కువ నిండినట్టు. తర్వాత పది నిమిషాలు కార్ట్రిడ్జ్‌ను హెడ్ కిందికి ఉండేలా పట్టుకుని, చుక్క వేలాడకపోతేనే చేతికివ్వాలి. మీ షాపతను ఇది చెయ్యకపోతే అడగండి.

ఆవిడ వింటూ వింటూ, "మా అన్నయ్య ఇంట్లో ట్యాంకు ప్రింటరుంది, దానిక్కూడా ఇదే లెక్కా?" అన్నారు.

కాదు. అక్కడ లెక్క తలకిందులవుతుంది. ఎప్సన్ ఎల్3110 లాంటి ట్యాంకు ప్రింటర్‌లో హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉంటుంది. బ్లాక్ బాటిల్ 65 మిల్లీలీటర్లు, కంపెనీ లెక్కలో 4,500 పేజీలు. కంపెనీ బాటిల్ 400, బయటి బాటిల్ 150 అనుకుందాం. ఆదా 250 రూపాయలు. 4,500 పేజీల మీద పంచితే పేజీకి ఆరు పైసలు కూడా లేదు. ఆ ఇంకు సరిపడక హెడ్ పూడుకుపోతే, హెడ్ మార్చడానికి తక్కువలో తక్కువ 5,000 వేసుకోండి. 250 ఆదాకు 5,000 నష్టం: ఇరవై బాటిళ్ళలో ఒక్కటి తేడా చేస్తే చాలు, లాభమంతా హుళక్కి. పైగా హెడ్ పూడుకుపోవడానికీ ఇంకుకూ ఉన్న సంబంధం సర్వీస్ ఇంజినీరు సులభంగా చూపించగలడు. వారంటీ ఉన్నన్నాళ్ళూ ట్యాంకు ప్రింటర్‌లో బయటి ఇంకు పోయవద్దనే నేను చెబుతాను. ఆ బాటిళ్ళు అమ్మేవాణ్ణి నేనే అయినా సరే.

ఇక గొడవ వచ్చేచోటు. మా దగ్గర రీఫిల్ చేయించుకునే ఒకాయన ప్రింటర్ కాగితం లాగడం మానేసింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే మూత తెరిచి, లేబుల్ చిరిగిన కార్ట్రిడ్జ్ చూసి, "రీఫిల్ వాడారు, వారంటీ లేదు" అన్నారట. కాగితం లాగేది వెనక ఉండే రబ్బరు రోలర్. దానికీ ఇంకుకూ ఏం సంబంధం? నేను ఆయనకు చెప్పింది ఒక్కటే: వాదించొద్దు, "రీఫిల్ ఇంకు వల్ల రోలర్ చెడింది" అని జాబ్ షీట్ మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. రాయమనేసరికి లోపలికి వెళ్ళి మాట్లాడుకుని వచ్చి, రోలర్ ఉచితంగా మార్చారు. పవర్ బోర్డు, స్కానర్, వైఫై, రోలర్, వీటి ఫిర్యాదుల్లో ఇంకు ప్రసక్తే రాకూడదు. గూడు లోపల ఇంకు మడుగు కనిపిస్తే మాత్రం వాళ్ళ మాటే న్యాయం, మనం తగ్గాలి.

ముద్ర సరిగా పడటం లేదనే ఫిర్యాదైతే ముందు కంపెనీ కార్ట్రిడ్జ్ పెట్టి చూసుకుని వెళ్ళాలి. అప్పుడు బాగా పడితే తప్పు ప్రింటర్‌ది కాదని ఇంట్లోనే తేలిపోతుంది, ఆటో చార్జీ మిగులుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు యూట్యూబ్ చూసి "చట్టం ఉంది, వారంటీ ఆపలేరు" అంటుంటారు. వాళ్ళకు ఉంది, 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం. మా సామానే వాడితేనే వారంటీ అనే షరతును అది సాధారణంగా ఒప్పుకోదు. ఇక్కడ అది చెల్లదు. దాని ధోరణికి దగ్గరగా వచ్చింది మన కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వు. బయట మెకానిక్ చెయ్యి పెట్టాడని గంపగుత్తగా వారంటీ రద్దు చెయ్యకూడదు, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే ఆపాలి అని అందులో చెప్పారు. అది కార్ల సంగతి, కంపెనీలు అప్పీళ్ళకు కూడా వెళ్ళాయి. ప్రింటర్లకు దాన్ని నేరుగా అంటించలేం గానీ, హెచ్‌పీ తన పత్రంలో రాసుకున్నదీ ఇంచుమించు ఇదే కొలత. సర్వీస్ సెంటర్ మొండికేస్తే 1915 అనేది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తెగకపోతే జిల్లా కమిషన్. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వివాదం పుట్టిన రెండేళ్ళ లోపు వెయ్యాలి. 4,800 ప్రింటర్ కోసం అంతదూరం ఎవరూ వెళ్ళరని నాకూ తెలుసు. జాబ్ షీట్ అడగడంతోనే చాలావరకు పని అయిపోతుంది.

టీచరమ్మ చెయ్యి తీశారు. లేబుల్ అంచు లేపి, సిరంజితో ఐదు మిల్లీలీటర్లు పట్టించాను. ఈ బ్లాక్‌లో పిగ్మెంట్ ఇంకే పొయ్యాలి, కలర్‌కు వాడే డై ఇంకు కాదు. టిష్యూ మీద నల్లటి పట్టీ నిండుగా పడింది. డబ్బులిస్తూ ఆవిడ అన్నారు: "వాళ్ళ దగ్గర జాబ్ షీట్ అడగమన్నావు సరే. ఏ ఇంకు పోశావో, ఎంత పోశావో, తేదీ వేసి నువ్వూ బిల్లిస్తావా?"

పదకొండేళ్ళలో నన్ను ఎవరూ అడగని మాట అది. బిల్లు పుస్తకం వెతకడానికి ఐదు నిమిషాలు పట్టింది.