అభిరుచి పరీక్ష, సామర్థ్య పరీక్ష: ఏది ఎంత చెబుతుంది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మన స్కాలర్‌షిప్ కమిటీ ముందుకు ఒక ఫైలు వచ్చింది. వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర ఉండే ఒక అమ్మాయిది. వాళ్లమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. అమ్మాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతానని దరఖాస్తు పెట్టుకుంది. ఫైలులో ఒక ప్రైవేటు సంస్థ చేసిన పరీక్ష నివేదిక కూడా ఉంది. అందులో చివరి వాక్యం ఇది: "ఆఫీసు పనికి తగును, యంత్రాల పనికి తగదు." కమిటీలో ఒక పెద్దాయన, "దాతల డబ్బు, మాస్టారూ. తగదని రాసి ఉంటే ఎలా ఇస్తాం?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతకాలంటే ఆ నివేదికను మొదటి పేజీ నుంచి చదవాలి. మేము అదే చేశాం.

ఇలాంటి నివేదికలో సాధారణంగా రెండు వేర్వేరు కొలతలు ఉంటాయి. మొదటిది అభిరుచి పట్టిక. "యంత్రాలు బాగు చేయడం మీకు ఇష్టమా? రోగులకు సేవ చేయడం ఇష్టమా?" అని వరుసగా అడుగుతుంది. ఇందులో తప్పు ఒప్పులు లేవు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ ఇష్టాలను ఆరు గుంపులు చేశారు: చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపారం-నాయకత్వం, ఆఫీసు క్రమపని. నేటి పట్టికలు చాలావరకు ఆ ఆరింటినే వాడతాయి. ఇది చెప్పేది ఒక్కటే: ఈ రోజు ఈ పిల్ల తనకు ఏది ఇష్టమని అనుకుంటోందో. ఆ పని చేయగలదా లేదా అన్నది ఇది చెప్పదు.

రెండోది సామర్థ్య పరీక్ష, అంటే ఆప్టిట్యూడ్ టెస్ట్. ఇందులో గడియారం పెట్టి లెక్కలు, బొమ్మల వరుసలు, పళ్లచక్రాలు, కప్పీల ప్రశ్నలు ఇస్తారు. సీబీఎస్‌ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి 9, 10 తరగతుల పిల్లల కోసం తెచ్చిన 'తమన్నా' ఈ రకానిదే. అది భాష, లెక్కలు, యాంత్రిక జ్ఞానం వంటి ఏడు సామర్థ్యాలను విడివిడిగా చూస్తుంది. అందులో పాస్, ఫెయిల్ లేవు. దాని ఆధారంగా ఏ సబ్జెక్టునూ పిల్లలపై రుద్దకూడదని దాన్ని తెచ్చినవారే చెప్పారు.

ఇప్పుడు మన అమ్మాయి అంకెలు చూద్దాం. ఆ పరీక్షలో సగటు స్కోరు 50. ఆమెకు ఆఫీసు పనిలో 47, యాంత్రిక జ్ఞానంలో 43 వచ్చాయి. పక్కనే 38, 24 అనే పర్సంటైల్‌లు వేశారు. 24 అంటే నూటికి 24 మార్కులని చాలామంది అనుకుంటారు. అది కాదు. పోల్చిన పిల్లల్లో నూటికి 24 మంది ఆమెకన్నా వెనక ఉన్నారని అర్థం.

చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పరీక్ష విశ్వసనీయత 0.91 అని ఉంది. స్కోర్ల వ్యాప్తి 10 అనీ ఉంది. ఈ రెంటి నుంచి కొలతలో ఉండే పొరపాటు ఎంతో తెలుస్తుంది: 10 × √(1 − 0.91) = 3. అంటే 43 అనే అంకెను 40 నుంచి 46 దాకా ఉన్న ఒక పట్టీగా చదవాలి. అసలు స్కోరు ఆ పట్టీలో ఉండే అవకాశం మూడింట రెండు వంతులు మాత్రమే. పర్సంటైల్‌లోకి మారిస్తే ఆ పట్టీ 16 నుంచి 34 దాకా పోతుంది. రెండు స్కోర్ల మధ్య తేడా 4. రెండు కొలతల్లోనూ పొరపాటు ఉంది కనుక, తేడాలో పొరపాటు 3 కన్నా ఎక్కువై 4 దాటుతుంది. మన చేపల మార్కెట్‌లో తక్కెడే పావుకిలో అటూ ఇటూ ఊగుతుంటే, నూరు గ్రాముల తేడా మీద బేరం ఆడం కదా. "ఆఫీసుకు తగును, యంత్రాలకు తగదు" అన్న తీర్పు ఆ నూరు గ్రాముల మీదే నిలబడింది.

అయినా 43 సగటుకు తక్కువే. ఎందుకు తక్కువ వచ్చిందో తెలుసుకుందామని అమ్మాయిని, వాళ్లమ్మను పిలిచాం. ఆ పరీక్ష ఇంగ్లిష్‌లో జరిగింది. అమ్మాయి ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో చదివింది తెలుగు మీడియం. ప్రశ్నలో 'పుల్లీ', 'లీవర్' అన్న మాటల దగ్గరే ఆగిపోయానని చెప్పింది. అలాంటప్పుడు యాంత్రిక ప్రశ్న కొంత మేరకు ఇంగ్లిష్ ప్రశ్నగా మారిపోతుంది. ఆ రెంటిలో ఏది తగ్గిందో స్కోరు విడదీసి చెప్పలేదు.

మేము ఆ ప్రశ్నలను తెలుగులో అడిగి కొత్త స్కోరు కట్టలేదు. భాష మార్చాక పాత పట్టికతో పోల్చడం సరికాదు. బదులుగా వాళ్లింటి కుట్టు మిషను గురించి అడిగాం. "కింద పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగితే పైన చిన్న చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది?" "చాలా చుట్లు సర్. మాదాంట్లో నాలుగు పైనే." "బెల్టును మధ్యలో మెలిపెట్టి వేస్తే?" ఆలోచించకుండానే చెప్పింది: "వెనక్కి తిరుగుతుంది. దారం చిక్కుపడుతుంది." పుస్తకంలో రెండు చక్రాల బొమ్మ దగ్గర తప్పు పెట్టింది ఈ సంగతినే.

అభిరుచి పట్టికలోనూ ఇలాంటిదే జరిగింది. "మోటారు విప్పి బాగు చేయడం" అన్నచోట 'ఇష్టం లేదు' అని గుర్తు పెట్టింది. ఎందుకని అడిగితే, "ఎప్పుడూ చేయలేదు కదా సర్" అంది. ఇష్టం లేకపోవడం వేరు, చేసే అవకాశం రాకపోవడం వేరు. పట్టికకు రెండూ ఒకటే. ఆడపిల్లల విషయంలో ఇది పాత కథ. అమెరికాలో స్ట్రాంగ్ అభిరుచి పట్టిక 1927లో మగవాళ్ల కోసం వచ్చింది. 1933లో ఆడవాళ్లకు వేరే పత్రం తెచ్చారు. ఆ రెండు పత్రాలూ ఒక్కటయ్యింది 1974లో.

ఇంత చెప్పాక పరీక్షలు పనికిరావని మేము అనడం లేదు. అమ్మాయి లెక్కల్లో వెనకబడి ఉందని నివేదిక చెప్పింది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల మార్కులు కూడా అదే మాట చెప్పాయి. రెండు వేర్వేరు ఆధారాలు ఒకే మాట చెప్పినప్పుడు నమ్మాలి. అందుకే కమిటీ మెకానికల్ డిప్లొమాకు స్కాలర్‌షిప్ ఇస్తూ, మొదటి ఏడాది సాయంత్రం లెక్కల ట్యూషన్‌కు కూడా డబ్బు కేటాయించింది. ఇప్పుడు ఆమె రెండో సంవత్సరంలో ఉంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్ బాగా చేస్తోంది, లెక్కలు ఇప్పటికీ కష్టంగానే గట్టెక్కుతోంది. అంటే నివేదికలో ఒక మాట నిలిచింది, ఒక మాట నిలవలేదు.

దాతలకు మా మనవి ఇంతే. మీ ముందుకు ఇలాంటి నివేదిక వస్తే నాలుగు సంగతులు అడగండి. పరీక్ష ఏ భాషలో జరిగింది? ఎవరితో పోల్చి పర్సంటైల్ వేశారు, మన ఊరి పిల్లలతోనా, ఇంగ్లిష్ మీడియం నగరాల పిల్లలతోనా? స్కోరులో పొరపాటు పట్టీ ఎంత? బడి మార్కులు, టీచరు మాట దానితో కలుస్తున్నాయా? చివరిది కలవకపోతే, వీలైతే ఆ పిల్లను ఒక రోజు వర్క్‌షాపుకో, ఆసుపత్రికో, ఆఫీసుకో తీసుకెళ్లి పని చూపించి, తర్వాత మళ్లీ అడగండి. పదిహేనేళ్ల పిల్ల ఇష్టాలు చూసినవాటిని బట్టి మారుతుంటాయి. ఒక మధ్యాహ్నం రాసిన కాగితం చూసి స్కాలర్‌షిప్ ఆపితే, ఆ పిల్లకు చూసే అవకాశమే లేకుండా పోతుంది.