బాణం ఎటు, ప్లస్ ఎటు?

12 వోల్టుల బ్యాటరీకి 4 ఓముల రెసిస్టర్ కలిపారనుకోండి. బ్యాటరీ ప్లస్ వైపు తగిలిన పై కొసకు ప్లస్ గుర్తు పెట్టారు. కరెంటు బాణాన్ని మాత్రం కింది నుంచి పైకి గీశారు. ఇందులో తప్పేమీ లేదు, బాణం ఎటైనా గీసుకోవచ్చు. తప్పు జరిగేది తర్వాత, అలవాటుగా v = iR అని రాసేసినప్పుడు. బాణం ప్లస్ కొసలోంచి లోపలికి వెళ్తేనే ఆ సూత్రం చెల్లుతుంది. ఇక్కడ అది ప్లస్ కొస నుంచి బయటికి వస్తోంది గనుక v = −iR అని రాయాలి. అప్పుడు i = −3 ఆంపియర్లు; అంటే అసలు కరెంటు పైనుంచి కిందికే పారుతోంది. మైనస్ మరిచిపోతే +3 వస్తుంది. అంకె సరైనదే, దిశే తలకిందులు.

ఈ పొరపాటును పవర్ లెక్క పట్టిస్తుంది. ఈ గుర్తులతో రెసిస్టర్ తీసుకునే పవర్ p = −vi. సరైన కరెంటు వేస్తే 36 వాట్లు, తప్పుది వేస్తే −36. వేడెక్కాల్సిన రెసిస్టర్ శక్తిని పుట్టిస్తోందన్నమాట, అది జరగని పని. కానీ పవర్‌ను కూడా అలవాటు కొద్దీ vi అని రాస్తే రెండు తప్పులూ కలిసి 36 చూపిస్తాయి, పొరపాటు దాక్కుంటుంది. కెపాసిటర్, ఇండక్టర్ల దగ్గర ఈ పరీక్షను నమ్మలేం. దాచుకున్న శక్తిని అవి తిరిగి ఇస్తాయి కాబట్టి, అక్కడ మైనస్ పవర్ నిజమే కావచ్చు.