వీజీఏ టైమింగ్ జనరేటర్: రెండు కౌంటర్లతో తెరను నడపడం

వీజీఏ కేబులులో ప్రధానంగా ఐదు సంకేతాలు ప్రయాణిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు వోల్టేజీలు, హారిజాంటల్ సింక్, వర్టికల్ సింక్ అనే రెండు పల్స్‌లు. ఫలానా రంగు తెర మీద ఎక్కడ పడాలో చెప్పే చిరునామా ఏ తీగలోనూ ఉండదు. సింక్ పల్స్ వచ్చిన తరువాత ఎంత సమయానికి ఆ రంగు వచ్చిందో చూసి, దాని స్థానాన్ని మానిటరు నిర్ణయించుకుంటుంది. అంటే ఇక్కడ స్థలాన్ని కాలమే తెలుపుతుంది. ఆ కాలాన్ని కొలిచి ఇచ్చే వలయమే టైమింగ్ జనరేటర్. దీన్ని ఎఫ్‌పీజీఏలో ఎలా నిర్మించాలో, తప్పు జరిగితే ఎలా పట్టుకోవాలో ఈ భాగంలో చూద్దాం.

మనం తీసుకునే ఉదాహరణ 640 × 480 పద్ధతి. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో వీజీఏను ప్రవేశపెట్టినప్పటి నుంచి ఉన్న పద్ధతి ఇది. నేటికీ వీజీఏ రంధ్రం ఉన్న దాదాపు ప్రతి మానిటరూ దీన్ని గుర్తిస్తుంది. ఆనాటి గాజు గొట్టపు మానిటర్లలో ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి ఒక వరుస గీసి, మళ్ళీ ఎడమ అంచుకు తిరిగి వచ్చేది. మనం నోటుపుస్తకంలో ఒక వరుస రాశాక చేతిని ఎడమకు తెచ్చుకున్నట్టే. చేయి వెనక్కి వచ్చేటప్పుడు కాగితం మీద గీత పడకూడదు, అందుకు కొంత సమయమూ పడుతుంది. అందువల్ల ఒక వరుసకు 640 కాక 800 పిక్సెళ్ళ కాలం కేటాయించారు. నేటి ఎల్‌సీడీ తెరలలో పుంజం లేకపోయినా ఈ కాలక్రమం మాత్రం అలాగే ఉంది.

ఆ 800లో మొదటి 640 దృశ్య భాగం. తరువాత 16 పిక్సెళ్ళ ఫ్రంట్ పోర్చ్, 96 పిక్సెళ్ళ సింక్ పల్స్, 48 పిక్సెళ్ళ బ్యాక్ పోర్చ్ వరుసగా వస్తాయి. నిలువు దిశలోనూ ఇదే అమరిక, అయితే అక్కడ కొలత పిక్సెళ్ళలో కాదు, వరుసలలో. దృశ్య భాగం 480, ఫ్రంట్ పోర్చ్ 10, సింక్ 2, బ్యాక్ పోర్చ్ 33, మొత్తం 525 వరుసలు. విద్యార్థులు తరచుగా ఫ్రంట్ పోర్చ్ అంటే బొమ్మకు ముందు వచ్చేది అనుకుంటారు. అది పొరపాటు. ఇక్కడ ఇల్లు అంటే సింక్ పల్స్. ఇంట్లోకి వెళ్ళేముందు ఎక్కే అరుగు ఫ్రంట్ పోర్చ్, ఇల్లు దాటాక వచ్చే వెనుక వసారా బ్యాక్ పోర్చ్. రెండు సింక్‌లూ మామూలుగా 1 స్థాయిలో ఉండి, పల్స్ సమయంలో మాత్రమే 0కు దిగుతాయి.

ఇక గడియారం. ప్రమాణం ప్రకారం పిక్సెల్ గడియారం 25.175 మెగాహెర్ట్జ్. కళాశాలల్లో ఎక్కువగా కనిపించే బేసిస్ 3 బోర్డు మీద 100 మెగాహెర్ట్జ్ గడియారం ఉంటుంది. దాన్ని నాలుగుతో భాగిస్తే 25 మెగాహెర్ట్జ్ వస్తుంది. ప్రమాణానికి ఇది 0.7 శాతం తక్కువే కాబట్టి మానిటర్లు సాధారణంగా అభ్యంతరం చెప్పవు. ఇప్పుడు ఒక పిక్సెల్‌కు 40 నానోసెకన్లు, 800 పిక్సెళ్ళ వరుసకు 32 మైక్రోసెకన్లు, 525 వరుసల ఫ్రేముకు 16.8 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 31,250 వరుసలు, సుమారు 59.5 ఫ్రేములు. ఈ అంకెలను పక్కన రాసి పెట్టుకోండి, ముందు ముందు వీటితోనే తప్పును వెతుకుతాం.

భాగించడం అన్నాం కదా అని 25 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని కౌంటరు నుంచి తీసి మరో గడియారంగా వాడకండి. అది ఎఫ్‌పీజీఏలో గడియారాల కోసం ఉన్న ప్రత్యేక దారిలో కాక మామూలు తీగల గుండా వెళ్ళి, వేర్వేరు ఫ్లిప్‌ఫ్లాప్‌లకు వేర్వేరు సమయాల్లో చేరే ప్రమాదం ఉంది. గడియారం ఒక్కటే ఉంచి, నాలుగు టిక్కులకు ఒకసారి మాత్రమే అనుమతి ఇవ్వడం మంచి పద్ధతి.

```verilog
reg [1:0] div = 0;
reg [9:0] h = 0, v = 0;
wire tick = (div == 2'd3);

always @(posedge clk) begin
  div <= div + 2'd1;
  if (tick) begin
    if (h == 10'd799) begin
      h <= 10'd0;
      v <= (v == 10'd524) ? 10'd0 : v + 10'd1;
    end else
      h <= h + 10'd1;
  end
end
```

లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి 800 లెక్కలకు చివరి అంకె 799. దృశ్య భాగాన్ని సున్నా దగ్గర ఉంచడం వల్ల ఒక సౌకర్యం ఉంది. `h`, `v` విలువలే నేరుగా తెర మీది పిక్సెల్ స్థానాలవుతాయి, ఎక్కడా కూడికలు తీసివేతలు అక్కరలేదు. హారిజాంటల్ సింక్ 640 + 16 = 656 వద్ద మొదలై, 96 పిక్సెళ్ళు ఉండి 751తో ముగుస్తుంది. వర్టికల్ సింక్ 490, 491 వరుసలలో ఉంటుంది.

```verilog
wire vis = (h < 640) && (v < 480);
wire border = (h == 0) || (h == 639) ||
              (v == 0) || (v == 479);

always @(posedge clk) if (tick) begin
  hs  <= !((h >= 656) && (h < 752));
  vs  <= !((v >= 490) && (v < 492));
  rgb <= (vis && border) ? 12'hFFF : 12'h000;
end
```

ఇక్కడ గీస్తున్నది తెర చుట్టూ ఒక్క పిక్సెల్ మందం ఉన్న తెల్లని చట్రం. చూడటానికి రంగుల పట్టీలంత అందంగా ఉండదు గాని, మొదటి పరీక్షకు నేను దీన్నే సిఫారసు చేస్తాను. పట్టీలు కొన్ని పిక్సెళ్ళు పక్కకు జరిగినా కంటికి తెలియదు. చట్రంలో ఒక్క గీత పోయినా వెంటనే తెలుస్తుంది.

ఒక సందర్భాన్ని పూర్తిగా చూద్దాం. చిల్పూర్ నుంచి హనుమకొండకు ప్రయోగ తరగతికి వచ్చే విద్యార్థి ఒకరున్నారనుకోండి. బోర్డు చేతికి వచ్చేది ఆ కొద్ది గంటలే. ఆ విద్యార్థి `v` కౌంటరును పొరపాటున తొమ్మిది బిట్లతో, అంటే `reg [8:0] v` అని ప్రకటించారు. 480 వరుసలు 512లో ఇముడుతాయి కదా అన్న ఆలోచనతో ఇలా రాయడం చాలా సహజం. బోర్డును కలిపితే తెర వెలుగుతుంది, బొమ్మ కదలకుండా నిలుస్తుంది. కానీ చట్రం పై గీత కనిపించదు.

ఏం జరిగిందో చూడండి. తొమ్మిది బిట్ల కౌంటరు 511 దాటలేదు, కాబట్టి 524 ఎప్పటికీ రాదు. 511 తరువాత తనంతట తానే సున్నాకు తిరుగుతుంది. అయితే సింక్ పల్స్ రావలసిన 490, 491 వరుసలు 511 లోపే ఉన్నాయి కాబట్టి పల్స్ మాత్రం సక్రమంగా వస్తుంది. కోత పడింది ఒక్క బ్యాక్ పోర్చ్‌కే. 492 నుంచి 511 వరకు 20 వరుసలే మిగిలాయి, ఉండవలసినవి 33. మానిటరు పల్స్ తరువాత 33 వరుసలు ఆగి బొమ్మను చూపడం మొదలుపెడుతుంది. అప్పటికే మన బొమ్మలో 13 వరుసలు గడిచిపోయాయి. వాటితోపాటే పై గీతా పోయింది.

ఇలాంటప్పుడు మానిటరు మీద ఆటో అడ్జస్ట్ మీట నొక్కాలనిపిస్తుంది. నొక్కితే మానిటరు వెలుగు ఉన్న అంచులను వెతికి బొమ్మను సర్దుకుంటుంది, గీత తిరిగి వస్తుంది. తప్పు మాత్రం కోడులోనే ఉండిపోతుంది, మరింత కచ్చితంగా వ్యవహరించే ఇంకో మానిటరు దగ్గర బయటపడుతుంది. కాబట్టి ఆ మీట జోలికి వెళ్ళేముందు మానిటరు మెనూలో సమాచార పుటను తెరవండి. చాలా మానిటర్లు అందులో రెండు పౌనఃపున్యాలు చూపుతాయి. ఇక్కడ హారిజాంటల్ 31 కిలోహెర్ట్జ్ దగ్గర సరిగ్గానే ఉంటుంది, వర్టికల్ మాత్రం 60 బదులు 61 హెర్ట్జ్ అని ఉంటుంది. వరుస కాలం సరైనదే కాబట్టి `h` కౌంటరు మీద అనుమానం అక్కరలేదు. 31,250ని 61తో భాగిస్తే సుమారు 512 వస్తుంది. రెండు యొక్క ఘాతం కనిపించిందంటే బిట్లు చాలలేదన్నమాట.

అదే పొరపాటు `h` కౌంటరులో జరిగితే లక్షణం వేరుగా ఉంటుంది. 656 ఎన్నడూ రాదు కాబట్టి హారిజాంటల్ సింక్ పల్స్ పుట్టదు. 799 రాదు కాబట్టి `v` కదలదు, రెండో పల్స్ కూడా ఉండదు. తెర మీద `No Signal` వంటి సందేశం వస్తుంది. నా దృష్టిలో ఇదే నయం, ఎందుకంటే ఈ తప్పు తనను తాను దాచుకోదు.

మొదటి రకం తప్పును ఇంటి దగ్గరే, బోర్డు లేకుండానే పట్టుకోవచ్చు. ఉచితంగా దొరికే ఐకారస్ వెరిలాగ్ వంటి సిమ్యులేటర్‌లో, `1ns/1ps` కాలమానంతో టెస్ట్‌బెంచ్ రాసి, అందులో ఈ నాలుగు వాక్యాలు చేర్చండి.

```verilog
real t0 = 0;
always @(negedge vs) begin
  $display("frame = %0.3f ms", ($realtime - t0)/1.0e6);
  t0 = $realtime;
end
```

మొదటి విలువను వదిలేయండి, అది సగంలో మొదలైన ఫ్రేము. రెండోది 16.800 రావాలి. పై తప్పు ఉంటే 16.384 వస్తుంది. `hs`కు కూడా ఇలాగే కొలిస్తే 32 మైక్రోసెకన్లు రావాలి. 799 బదులు 800తో పోల్చి ఉంటే 32.04 వస్తుంది. ఆ తేడాను చాలా మానిటర్లు పట్టించుకోవు, సిమ్యులేటర్ మాత్రం దాచదు.

పోర్చ్‌ల కాలంలో రంగులు తప్పనిసరిగా సున్నా కావాలి. కోడులో `vis` చేసే పని ఇదే. నలుపు అంటే ఎంత వోల్టేజీయో మానిటరు బ్యాక్ పోర్చ్ సమయంలోనే కొలుచుకుంటుంది. ఆ సమయంలో మీరు నీలం పంపుతూ ఉంటే, ఆ నీలాన్నే నలుపుగా లెక్కకట్టి బొమ్మ మొత్తం నుంచి దాన్ని తీసివేస్తుంది. తెర మసకబారి, నీలం తగ్గి, పసుపు వైపు మొగ్గుతుంది. ఇలా కనిపిస్తే కేబులును అనుమానించే ముందు `vis` షరతును చూడండి.

చట్రం సరిగా వచ్చాక, తరువాతి మెట్టులో బొమ్మను బ్లాక్ ర్యామ్ నుంచి చదువుతారు. ఈ మెమరీకి ఇప్పుడు చిరునామా ఇస్తే విలువ తరువాతి టిక్కుకు వస్తుంది. రంగు ఒక పిక్సెల్ ఆలస్యమై, `vis` మాత్రం ఆలస్యం కాకపోతే, ఎడమ అంచు నిలువు వరుసలో అంతకుముందు చదివిన పాత విలువ కనిపిస్తుంది, కుడి అంచు వరుస కోతపడుతుంది. దీనికి చిరునామాను సవరించడం కంటే `hs`, `vs`, `vis` మూడింటినీ ఒక్కొక్క ఫ్లిప్‌ఫ్లాప్ గుండా పంపి అదే ఒక టిక్కు ఆలస్యం చేయడం తేలిక. మెమరీకి రెండు టిక్కుల ఆలస్యం ఉంటే రెండేసి ఫ్లిప్‌ఫ్లాప్‌లు పెట్టండి. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మెమరీలో కూడా మొదట ఆ తెల్లని చట్రాన్నే నింపి, ఎడమ, కుడి గీతలు రెండూ ఉన్నాయో లేదో చూడండి.