ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి

సివిల్ ఇంజనీరింగ్ చదివి, మూడేళ్లుగా వంతెనల సైట్లలో పనిచేస్తున్న అమ్మాయి ఉందనుకుందాం. డిజైన్‌లో ఎం.టెక్. చెయ్యాలా, సైట్‌లోనే ఉండి ప్రాజెక్టు మేనేజర్ దాకా ఎదగాలా అన్నది ఆమె సందేహం. ఇంట్లోవాళ్లకు ఈ రంగం తెలియదు. పై అధికారిని అడిగితే, ఆమె వెళ్లిపోతే ఆగిపోయే పని ఆయన సలహాలోకి వస్తుంది. అందుకే బయటి పెద్దలు ఒకరు కావాలి.

బాగా పేరున్నవారి కంటే, ఇదే సందేహాన్ని పది పదిహేనేళ్ల కిందట ఎదుర్కొన్నవారు ఎక్కువ అక్కరకొస్తారు. కాలేజీ పూర్వ విద్యార్థుల్లోనో, ఖైరతాబాద్ విశ్వేశ్వరయ్య భవన్‌లో జరిగే ఇంజనీర్ల ప్రసంగాల్లోనో అలాంటివారు కనిపిస్తారు. ప్రసంగం శ్రద్ధగా వింటే ఉత్తరానికి మొదటి వాక్యం అక్కడే దొరుకుతుంది. ఆమె ఇలా రాయవచ్చు:

“నమస్కారం సర్. వంతెన పునాదుల మీద మీ ప్రసంగం విన్నాను. ఒరిగిన బావి పునాదిని సరిచేసిన తీరు మా సైట్‌లో పనికొచ్చింది. నేను మూడేళ్లుగా సైట్ ఇంజనీర్‌ని. మీరూ సైట్ నుంచి డిజైన్‌కు మారారని ఆ రోజు చెప్పారు. మారేముందు సైట్‌లో ఏ పని నేర్చుకోవడం మీకు బాగా ఉపయోగపడింది? వీలున్నప్పుడు రెండు మాటలు రాస్తే చాలు. తీరిక లేకపోతే పరవాలేదు సర్.”

ఇందులో ఉద్యోగం ఊసు లేదు, బయోడేటా లేదు, ‘నాకు గురువుగా ఉండండి’ అన్న విన్నపమూ లేదు. ముఖపరిచయం లేని మనిషికి ఆ విన్నపం ఎంతకాలమో తెలియని బాధ్యతలా తోస్తుంది. ఒక్క ప్రశ్నకైతే ఐదు నిమిషాల్లో జవాబివ్వవచ్చు. ఎవరి దగ్గరో నంబరు సంపాదించి నేరుగా ఫోన్ చేస్తే, ఆయనకు కాదనే వీలుండదు.

జవాబు రాకపోతే రెండు మూడు వారాలకు ఒక్కసారి గుర్తుచేసి, అంతటితో ఆపాలి. మౌనాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న రామానుజన్‌కు కేంబ్రిడ్జిలో బేకర్, హాబ్సన్‌ల నుంచి ఏ సాయమూ అందలేదు. 1913 జనవరి 16న ఆయన హార్డీకి రాశారు. తానెవరో, ఏం జీతానికి పనిచేస్తున్నారో చెప్పి, సిద్ధాంతాలు జతచేసి, శ్రమ ఇస్తున్నందుకు మన్నించమన్నారు. ఫిబ్రవరిలో హార్డీ జవాబు రాశారు.

జవాబు వచ్చాక ధన్యవాదాలు చెప్పి ఊరుకుంటే పరిచయం అక్కడితో ఆగిపోతుంది. ఆయన బార్ బెండింగ్ షెడ్యూళ్లు స్వయంగా వెయ్యమన్నారనుకోండి. మూడు నెలలు వేసి, ఎక్కడ తప్పులొచ్చాయో, ఏం తెలిసిందో నాలుగు వాక్యాల్లో రాయాలి. తన మాట పనిలోకి వెళ్లిందని చూసినవారికి మళ్లీ చెప్పాలనిపిస్తుంది. “తర్వాత ఏమైందో చెప్పమ్మా” అని ఆయనే అడిగితే, అప్పుడు అరగంట సమయం కోరవచ్చు. పొడి మాటలే వస్తుంటే రాయడం తగ్గించాలి.

ఆయన చెప్పేదానికీ ఒక హద్దుంది. ఏ పని మనిషిని ఎటు తీసుకెళ్తుందో ఆయనకు తెలుసు. ఇవాళ్టి ఫీజులు, చదువయ్యాక వచ్చే ఉద్యోగాల సంగతి మాత్రం నిరుడు ఎం.టెక్. ముగించినవారినే అడగాలి.